దొంగ ఒక్కడు, దాక్కునేవాళ్ళు నలుగురు: కాగితం మీద ఆడే వేట ఎలా తయారు చేసుకోవాలి

"అన్నా, మేం అయిదారుగురు కలిస్తే ఒకడు వెతికి మిగతావాళ్ళు దాక్కునే ఆట ఏదైనా చెప్పు. గేమింగ్ పీసీ లేదు, బోర్డు గేమ్ కొనే డబ్బు లేదు." పోయిన ఎండాకాలం నుంచి ఈ మాట కనీసం పది మంది అడిగుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం నా వల్ల కావడం లేదు. కర్నూల్లో మా మిద్దె మీద మేం ఆడే ఆటను ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. తయారీకి అరగంట పడుతుంది, ఒక్కో ఆట ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

మొదట ఒక్క సంగతి చెప్పి పనిలోకి దిగుతా. ఇలాంటి ఆట సొంతంగా తయారు చేసుకున్నవాళ్ళంతా ఒకే చోట దెబ్బతింటారు. దాక్కునేవాళ్ళకు దాక్కోవడం తప్ప వేరే పని ఇవ్వరు. అప్పుడు ఒక్కొక్కడు ఒక్కో మూల చేరి కదలకుండా కూర్చుంటాడు, వెతికేవాడు ఆవలిస్తాడు. 2016లో వచ్చిన డెడ్ బై డేలైట్ వీడియో గేమ్ చూడండి. అందులోనూ వేటాడేవాడు ఒక్కడే, తప్పించుకునేవాళ్ళు నలుగురు. అయితే ఆ నలుగురూ అయిదు జనరేటర్లు బాగు చేస్తేనే బయటపడే గేటుకు కరెంటు వస్తుంది. అంటే దాక్కున్నవాడు బయటికి రాక తప్పదు. మన ఆట కూడా ఆ సూత్రం మీదే నడుస్తుంది.

ఇంకో మాట. మన దాగుడుమూతల్లో వెతికేవాడినే దొంగ అంటాం కదా. ఇక్కడా అదే పేరు వాడుతున్నా. దొంగ వెతకడమేంది, పోలీసు కదా వెతకాల్సింది అని మా మేనకోడలు అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కావలసినవి

- పాత క్యాలెండర్ షీటు ఒకటి (వెనక తెల్లగా ఉన్నది), ఒక స్కెచ్ పెన్ను
- దొంగ బిళ్ళగా అయిదు రూపాయల నాణెం
- దాక్కునే ఒక్కొక్కరికీ ఒక నోటు పుస్తకం కాగితం, ఒకే రంగు పెన్ను
- పది చిన్న చీటీలు
- ముప్పై సెకన్లు లెక్కపెట్టడానికి ఒక ఫోను. మిగతా ఫోన్లు వేరే గదిలో పెట్టించండి, ఎందుకో తర్వాత చెప్తా.

ఉగ్గాణి, బజ్జీలు ఆట అయ్యాక తెప్పించుకోండి. నూనె చేత్తో పట్టుకున్న కాగితానికి అవతలి వైపు నుంచి అంకె కనిపిస్తుంది. మేం ఒక ఆట అట్లనే పోగొట్టుకున్నాం.

1. పటం గీయండి

మూడు వరుసల్లో, వరుసకు నాలుగు చొప్పున పన్నెండు గుండ్రాలు గీసి నంబర్లు వేయండి.

1 – 2 – 3 – 4
5 – 6 – 7 – 8
9 – 10 – 11 – 12

పక్కపక్కన ఉన్నవాటిని, పైనా కిందా ఉన్నవాటిని గీతతో కలపండి. 2ను 1తో, 3తో, 6తో కలపాలన్నమాట. ఐమూలగా గీతలు వద్దు. గీత ఉన్న రెండు చోట్లే ఒకదానికొకటి పక్క చోట్లు.

నంబర్ల కింద మీ ఊరి పేర్లు రాసుకోండి. మాది కర్నూలు కాబట్టి 1 కొండారెడ్డి బురుజు, 4 రైల్వే స్టేషన్, 6 రాజ్ విహార్, 7 బళ్ళారి చౌరస్తా, 8 కొత్త బస్టాండ్, 9 సి.క్యాంప్, 12 నంద్యాల చెక్‌పోస్ట్. నిజంగా ఈ చోట్లు ఇలా పక్కపక్కన ఉండవు, ఉండాలని కూడా లేదు. అనంతపురం వాళ్ళు క్లాక్ టవర్, కడప వాళ్ళు ఏడురోడ్ల కూడలి పెట్టుకోవచ్చు. పేర్లు లేకుండా కూడా ఆట నడుస్తుంది గానీ, "రైల్వే స్టేషన్లో పట్టుకున్నా" అని అరవడంలో ఉన్న మజా "నాలుగులో పట్టుకున్నా" అనడంలో రాదు.

7 చుట్టూ ఎర్రగా ఇంకో గుండ్రం గీయండి. అది బందెలదొడ్డి. దొరికినవాళ్ళను అక్కడ కడతాం.

2. పని చీటీలు రాయండి

6 దొంగ బయలుదేరే చోటు, 7 బందెలదొడ్డి. ఆ రెండూ వదిలి మిగతా పది నంబర్లనూ పది చీటీల మీద రాసి కలిపి బోర్లా పెట్టండి. పైనున్న మూడు తిప్పి అందరికీ కనబడేలా పెట్టండి. ఇప్పుడు పని ఉన్నది ఆ మూడు చోట్లలోనే. ఒకచోట పని పూర్తయితే ఆ చీటీ తీసేసి కొత్తది తిప్పాలి. ఎప్పుడు చూసినా మూడు చోట్లు తెరిచి ఉండాలి.

దాక్కునేవాళ్ళు పది రౌండ్లలో అయిదు పనులు పూర్తి చేస్తే గెలిచినట్టు. చేయలేకపోతే దొంగ గెలుస్తాడు. మధ్యలో బయట తిరిగేవాడు ఒక్కడూ మిగలకపోయినా దొంగదే గెలుపు.

3. దాక్కోండి

దొంగ నాణేన్ని 6లో పెట్టండి. దాక్కునేవాళ్ళు కాగితం మీద ముందే 1 నుంచి 10 దాకా రౌండ్ల నంబర్లు వరసగా వేసుకోవాలి. మొదటి రౌండు ఎదురుగా తాము ఉన్న చోటు రాయాలి. 6లో గానీ దాని పక్కనున్న 2, 5, 7, 10లో గానీ మొదలుపెట్టకూడదు.

ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలను 01, 02 అని రెండంకెల్లోనే రాయించండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. ఒక్క గీత గీసి పెన్ను ఎత్తేస్తే అవతలివాడికి 1 అని తెలిసిపోతుంది. మా మద్దిలేటి రెండు ఆటల పాటు కాగితాల వైపు చూడనే లేదు, పెన్నుల చివర్లే చూశాడు. ఇంత బాగా ఎట్ల పట్టుకుంటున్నాడని మేం తలలు గోక్కున్నాం. ఇప్పుడు అందరం స్టీలు ప్లేటు అడ్డం పెట్టుకుని రాస్తాం.

4. రౌండు ఆడండి

ప్రతి రౌండూ ఈ వరసలోనే నడవాలి. వరస తప్పితే తగాదా ఖాయం.

ముందుగా దాక్కున్నవాళ్ళంతా ఒకేసారి రాస్తారు. ఉన్నచోటే ఉండొచ్చు, లేదా గీత వెంబడి ఒక్క చోటు జరగొచ్చు. గడువు ముప్పై సెకన్లు. అది దాటితే ఉన్నచోటే ఉన్నట్టు లెక్క.

తర్వాత దొంగ నాణేన్ని ఒకటో రెండో చోట్లు జరుపుతాడు. వాడికీ ముప్పై సెకన్లే. ఆగిన చోటు మాత్రమే వెతుకుతాడు, దాటిపోయిన చోటు వెతికినట్టు కాదు. అక్కడ ఎవరున్నా కాగితం చూపించి బందెలదొడ్డికి పోవాలి. ఇద్దరుంటే ఇద్దరూ పోవాలి.

పోయిన రౌండులో ఆగిన చోటే దొంగ మళ్ళీ ఆగకూడదు. ఈ నియమం లేకపోతే ఏం జరుగుతుందో ఊహించుకోండి. తెరిచి ఉన్న పని దగ్గరో, బందెలదొడ్డి దగ్గరో వాడు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాడు. దయతలచి కూడా దీన్ని సడలించొద్దు.

వెతకడం అయ్యాక ఎవరో ఒకరు ఒకటి, రెండు, మూడు అంటారు. దొంగ నిలబడ్డ చోటుకు పక్క చోట్లలో ఉన్నవాళ్ళంతా మూడు అనగానే కలిసి బల్ల మీద ఒక్కసారి తట్టాలి. ఎవరు తట్టారో దొంగ చూడొచ్చు. ఏ చోటు నుంచి తట్టారో మాత్రం చెప్పరు. ఆటలో గోలంతా ఇక్కడే పుడుతుంది.

చివర్లో పనులు. వరసగా రెండు రౌండ్లు ఒకే పని చోటు రాసి, ఆ రెండుసార్లూ దొరక్కుండా ఉన్నవాడు కాగితం చూపించి "అయిపోయింది" అంటాడు. వాడు ఎక్కడున్నాడో అప్పుడు అందరికీ తెలిసిపోతుంది. మధ్యలో లేచి వెళ్ళిపోతే సగం పని లెక్కలోకి రాదు.

5. బందెలదొడ్డి నుంచి విడిపించుకోండి

స్నేహితుడొకడు 7లోకి వచ్చి, ఆ రౌండులో దొంగకు దొరక్కపోతే, అప్పటికే అక్కడ ఉన్నవాళ్ళంతా విడుదల. వాళ్ళు తర్వాతి రౌండు 7 నుంచే నడుస్తారు. సరిగ్గా అదే రౌండులో కొత్తగా దొరికినవాడికి మాత్రం ఈ విడుదల వర్తించదు. ఇది ముందే చెప్పుకోండి, మా దగ్గర పావుగంట వాదన దీని మీదే అయింది. రెండోసారి దొరికినవాడు ఆట నుంచి పోయినట్టే. బందెలో ఉన్నవాడికి, పోయినవాడికి గడియారం, ఒకటి-రెండు-మూడు లెక్కపెట్టే పని అప్పజెప్పండి. చేతిలో పని లేనివాడు పక్కవాడి కాగితంలోకి తొంగి చూస్తాడు.

ఒక ఆట దగ్గర నుంచి చూద్దాం

పోయిన ఆదివారం ఓబులేసు దొంగ. దాక్కున్నది మస్తాన్, మద్దిలేటి, లావణ్య, రఫీ. తెరిచిన పనులు 1, 8, 10.

మొదటి రౌండులో మస్తాన్ 1, మద్దిలేటి 8, లావణ్య 9, రఫీ 11 రాశారు. ఓబులేసు 2లో ఆగాడు, ఎవరూ దొరకలేదు. 2 పక్క చోట్లు 1, 3, 6. మస్తాన్ ఒక్కడే తట్టాడు. 1లో పని ఉంది కాబట్టి వీడు అక్కడే ఉన్నాడని ఓబులేసుకు అర్థమైంది. ఓబులేసుకు అర్థమైందని మస్తాన్‌కూ అర్థమైంది.

రెండో రౌండులో మస్తాన్ పని వదిలేసి 5కు జారుకున్నాడు. లావణ్య 10కి వచ్చింది. మద్దిలేటి 8లోనే ఉండిపోయాడు. ఇది ధైర్యం కాదు, లెక్క. 2 నుంచి 8కి మూడు చోట్ల దూరం, దొంగ రెండే జరగగలడు. ఓబులేసు 1కి పోయాడు, ఖాళీ. మళ్ళీ తట్టమంటే 5లో ఉన్న మస్తానే తట్టాడు. మద్దిలేటి "అయిపోయింది" అన్నాడు. 8 చీటీ పోయి 3 తెరుచుకుంది.

మూడో రౌండు నాకు బాగా నచ్చింది. మస్తాన్ తిరిగి 1లోకే వచ్చాడు. దొంగ ఇప్పుడే వెతికిన చోటు, మళ్ళీ అక్కడ ఆగడానికి లేదు. పటంలో అంతకంటే భద్రమైన చోటు లేదు. లావణ్య 10లో కదల్లేదు, అదీ దొంగకు మూడు చోట్ల దూరమే. మద్దిలేటి 3 వైపు పోతూ 7కు వచ్చాడు. ఓబులేసు 5కు పోతే ఖాళీ. పక్కనే 1 నుంచి మస్తాన్ తట్టాడు. "ఏందప్పా, యాడికి పోయినా నువ్వే తడతావ్!" అని ఓబులేసు తల పట్టుకున్నాడు. లావణ్య పని పూర్తయింది, 12 తెరుచుకుంది. మూడు రౌండ్లకే రెండు పనులు.

నాలుగో రౌండులో మస్తాన్‌కు ఆశ పుట్టింది. ఇంకొక్క రౌండు 1లో ఉంటే మూడో పని. ఉన్నాడు. ఓబులేసు నేరుగా 1కి వచ్చి, "దా నాయనా, నీకోసమే వస్తి" అన్నాడు. మస్తాన్ బందెలదొడ్డికి పోయాడు. ఈలోగా మద్దిలేటి 3లో పని మొదలుపెట్టాడు.

అయిదో రౌండు. మొదట్నుంచీ 11లోనే కూర్చున్న రఫీ ఇప్పుడు 7లోకి వచ్చాడు. 1 నుంచి 7కు మూడు చోట్లు, దొంగ చేరలేడు. అంటే విడుదల ఖాయం. ఓబులేసు కూడా ఆ లెక్క వేసి, 7ను వదిలేసి పని చోటైన 3కు పోయాడు. మద్దిలేటి దొరికాడు. ఒకడు విడుదలయ్యాడు, ఇంకొకడు కట్టుబడ్డాడు. ఆ ఆటను దాక్కున్నవాళ్ళు తొమ్మిదో రౌండులో అయిదో పనితో గెలిచారు.

రఫీ సంగతి గమనించండి. నాలుగు రౌండ్లు ఏమీ చేయలేదు, దొరకలేదు కూడా. విడిపించడానికి ఒకడు దగ్గర్లో ఉండటం మంచిదే. ఇద్దరు అట్ల కూర్చుంటే మాత్రం అయిదు పనులు కావు. పక్కనే 10లో పని తెరిచి ఉన్నా మొదటి రెండు రౌండ్లు వాడు కదలలేదు, అది బద్ధకమే.

ఎక్కువగా జరిగే తప్పులు

పక్క చోటు అనుకోకుండా తట్టకపోవడం అన్నిటికంటే చెడ్డది. మోసం చేసేవాడు తక్కువ, లెక్క తప్పేవాడు ఎక్కువ. 4కూ 5కూ నంబర్లు పక్కపక్కన ఉన్నా గీత లేదు. అట్లాగే 8కీ 9కీ లేదు. కొత్తవాళ్ళు ఈ రెండు చోట్లా తడబడతారు. గీతలు లావుగా గీయండి, తట్టే ముందు అందరూ అంకెలు కాకుండా గీతలు చూడాలి.

గుసగుసలు ఇంకొకటి. గోల చేసే గుంపును మాట్లాడొద్దంటే ఆట చప్పబడిపోతుంది. అందుకే మాట్లాడనివ్వండి, కానీ గట్టిగా, దొంగకు వినబడేలా. అబద్ధాలు చెప్పుకోవచ్చు. చెవిలో చెప్పడం, మెసేజ్ పెట్టడం లేదు, ఫోన్లు వేరే గదిలో పెట్టమన్నది అందుకే. మా ఊర్లో దీనికి ఇంకో తోక ఉంది. ఓబులేసుకు ఉర్దూ రాదని తెలిసి రఫీ, మస్తాన్ మొత్తం ప్లాను ఉర్దూలో నడిపారు. అప్పటి నుంచి దొంగకు వచ్చిన భాషలోనే మాట్లాడాలని నియమం పెట్టుకున్నాం.

దొంగ పక్కన ఎప్పుడూ ఒక సలహాదారు తయారవుతాడు. రెండోసారి దొరికి ఆట నుంచి పోయినవాడు మెల్లగా దొంగ వెనక చేరి, "లావణ్య ఎప్పుడూ ఎడమకే పోతుంది" అంటాడు. ఆపండి. కావాలంటే నియమంగానే పెట్టుకోండి: పోయినవాడు దొంగ పార్టీలో చేరొచ్చు, కానీ దొంగకు బలం పెరుగుతుంది కాబట్టి అయిదుకు బదులు నాలుగు పనులు చాలు.

సరిగ్గా ఆడారా, ఆట సమంగా ఉందా

ఆట అయ్యాక కాగితాలన్నీ బల్ల మీద పరవండి. దొంగ ఏ రౌండులో ఎక్కడ ఆగాడో గడియారం పట్టుకున్నవాడు రాసి ఉంచాలి. రౌండు రౌండుకూ సరిచూస్తే మూడు సంగతులు తేలతాయి: ఎవరైనా గీత లేని చోటుకు దూకారా, తట్టాల్సినప్పుడు తట్టారా, పనికి నిజంగా వరసగా రెండు రౌండ్లు ఉన్నారా. అయిదు నిమిషాల పని. అసలు నవ్వులన్నీ అప్పుడే వస్తాయి, ఎవడు ఎవడి ముక్కు కింద నుంచి జారుకున్నాడో అప్పుడే కదా తెలిసేది.

ఆట సమంగా ఉందో లేదో ఒక్క ఆటతో తేల్చొద్దు. దొంగను మారుస్తూ ఆరు ఆడండి. దొంగలు మూడో, అటూఇటుగానో గెలిస్తే ముట్టుకోకండి. అయిదు, ఆరు గెలిస్తే అయిదు పనులను నాలుగు చేయండి. ఒక్కటీ గెలవకపోతే పది రౌండ్లను తొమ్మిదికి తగ్గించండి. అదీ చాలకపోతే తెరిచి ఉంచే చీటీలను మూడు నుంచి రెండుకు దించండి. పని చోట్లు తగ్గేకొద్దీ దొంగకు వెతకడం సులువవుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు మారిస్తే దేని వల్ల ఏమైందో తెలియదు. దొంగ నడకను రెండు చోట్ల నుంచి ఒకటికి తగ్గించడం మాత్రం వద్దు. మేం చేసి చూశాం. రెండు చోట్ల అవతల ఉన్నవాళ్ళంతా నిశ్చింతగా కాళ్ళు చాపుకున్నారు, ఆట ఆరో రౌండుకే అయిపోయింది.

మనుషులు తక్కువైతే, ఎక్కువైతే

దొంగతో కలిపి నలుగురే ఉంటే నాలుగు పనులు పెట్టండి. ఆరుగురైతే ఆరు పనులు. ముగ్గురితో ఇది ఆడొద్దు, ఒకడు దొరకగానే కథ ముగిసినట్టే. అప్పుడు తిరగేసిన ఆట మేలు: దాక్కునేవాడు ఒక్కడు, వెతికేవాళ్ళు ఇద్దరు. 1983లో వచ్చిన స్కాట్లండ్ యార్డ్ బోర్డు గేమ్ ఆ పద్ధతిదే. అందులో దాక్కున్నవాడు ప్రతిసారీ కదలాల్సిందే, మూడో ఎత్తులో, ఎనిమిదో ఎత్తులో, ఇంకొన్నిసార్లు తానెక్కడున్నాడో చూపించాల్సిందే. మన పటం మీద కూడా అట్ల ఆడొచ్చు, ప్రతి మూడో రౌండుకు కాగితం చూపిస్తే చాలు.

ఎనిమిది మంది దాటితే కాగితం పనికిరాదు, రాసేవాళ్ళ కోసం ఎదురుచూడటంతోనే సరిపోతుంది. రెండు పటాలు గీసి రెండు గుంపులుగా కూర్చోండి. అందరి దగ్గరా ఫోన్లుంటే అమాంగ్ అస్‌లో దాగుడుమూతల పద్ధతి ఉంది, 2022 డిసెంబరులో వచ్చింది. వేటాడేవాడు ఎవరో మొదట్నుంచే అందరికీ తెలుస్తుంది, మీటింగులు, ఓట్లు ఉండవు, పనులు చేసేకొద్దీ గడియారం తగ్గుతుంది. మెనూలో `Hide n Seek` అని కనబడుతుంది. అందులో కూడా పనులు చేయకుండా మూల కూర్చునే రఫీ ఒకడు ఉంటాడు, వాడిని మీరే కదిలించాలి.